మెనూ కార్డు ప్రూఫ్‌ని దేనితో పోల్చి చూడాలి?

"మాది వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ వైపు చిన్న రెస్టారెంట్. సీఫుడ్ ఎక్కువ, మొత్తం తొంభై రకాల దాకా ఉంటాయి. తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో కొత్త మెనూ కార్డు వేయిస్తున్నాం. డీటీపీ వాళ్ళు పంపిన ప్రూఫ్ నేనూ మా తమ్ముడూ మార్చి మార్చి చదువుతున్నాం, చదివిన ప్రతిసారీ కొత్త తప్పు కనబడుతోంది. వంటల పేర్ల స్పెల్లింగు, రేట్లు, అలర్జీ విషయం, కింద రాసే రెండు ముక్కల వర్ణన... ఇవన్నీ ఏ వరసలో చూడాలి? అలర్జీ గురించి అసలు ఏమని రాయాలి?"

ప్రతిసారీ కొత్త తప్పు దొరుకుతోందంటే మీరు సరిగ్గా చదవడం లేదని కాదు. ప్రూఫ్‌ని పక్కన ఏమీ పెట్టుకోకుండా చదువుతున్నారు, అంతే. కథో వ్యాసమో అయితే అలా చదివినా వాక్యం నడకే తప్పు పట్టిస్తుంది. మెనూలో ఆ సాయం ఉండదు. 'అపోలో ఫిష్ ₹290' అన్న లైను ఎన్నిసార్లు చదివినా ఆ ధర ఒప్పో తప్పో అది చెప్పదు. ధర సంగతి బిల్లింగ్ మిషన్ చెప్పాలి. పిండిలో గుడ్డు కొడుతున్నారో లేదో వంట మాస్టర్ చెప్పాలి. 'వేపుడు' అని రాయాలా 'ఫ్రై' అని రాయాలా అన్నది మీరే ముందు తేల్చుకుని ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. కాబట్టి ప్రూఫ్ చేతికి తీసుకునే ముందు మూడు కాగితాలు సిద్ధం చేసుకోండి: మాస్టర్‌ని అడిగి రాసుకున్న దినుసుల పట్టిక, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన ఐటమ్ లిస్టు, మీ హోటల్‌కి మీరు ఖాయం చేసుకున్న స్పెల్లింగుల కాగితం.

వరస కూడా ముఖ్యమే. ముందు అలర్జీ, తర్వాత వర్ణనలు, ఆ తర్వాత పేర్లు, అన్నిటికన్నా ఆఖర్న ధరలు. ధరలు మొదట చూసేస్తే ఆ పని వృథా అవుతుంది. అలర్జీ లైను ఒకటి చేర్చగానే కింద ఉన్నవన్నీ జరుగుతాయి, మీరు టిక్ పెట్టిన ధర ఇంకో వంట పక్కకి వెళ్ళి కూర్చుంటుంది.

అలర్జీ దగ్గర మొదలుపెడదాం, ఎక్కువ సమయం పట్టేది అదే. మాస్టర్‌ని "దీన్లో అలర్జీ వచ్చేవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగితే "ఏం లేవు సార్" అంటారు. అబద్ధం చెప్పాలని కాదు, ఆయన లెక్కలో జీడిపప్పు పేస్టు గ్రేవీ చిక్కబడటానికి వేసేదే తప్ప అలర్జీకి సంబంధించింది కాదు. అందుకని వంట వండే తీరు మొదటినుంచీ చెప్పించుకోవాలి. ఊరబెట్టడానికి ఏం కలుపుతారు, పిండి ఏది, గుడ్డు కొడతారా, ఏ నూనెలో వేయిస్తారు, ఆ నూనెలో ఇంకేం వేగుతాయి, గ్రేవీ దేనితో చిక్కబడుతుంది, సాస్ ఏ బ్రాండు, పైన ఏం చల్లుతారు. చల్లేది ఏమిటన్నది ప్రత్యేకంగా అడగండి. రొయ్యల వేపుడు దినుసులన్నీ చెప్పి, పైన చల్లే నాలుగు జీడిపప్పు పలుకులు మర్చిపోయిన మాస్టర్లు నాకు చాలామంది తెలుసు.

ఏమేం రాయాలన్నదానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ జాబితానే ఆధారంగా పెట్టుకోండి. 2020 నాటి లేబులింగ్, డిస్‌ప్లే నిబంధనల్లో ఎనిమిది రకాలు ఉన్నాయి: గోధుమ, బార్లీ, ఓట్స్ లాంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు; రొయ్యలు, పీతల జాతి; పాలు, పాల పదార్థాలు; గుడ్లు; చేపలు; వేరుశెనగ, జీడిపప్పు, బాదం లాంటి గింజలు; సోయా; సరుకు పాడవకుండా కలిపే సల్ఫైట్లు కిలోకి 10 మిల్లీగ్రాములు, అంతకన్నా ఎక్కువ ఉంటే అవీ. సెంట్రల్ లైసెన్సు ఉన్నవాళ్ళకీ, పది లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల శాఖలున్నవాళ్ళకీ మెనూ మీద ఈ వివరాలూ క్యాలరీలూ వేయడం తప్పనిసరి. మీది చిన్న రెస్టారెంట్ అంటున్నారు కాబట్టి ఆ లెక్కలోకి రాకపోవచ్చు, కానీ కార్డు ఎలాగూ వేయిస్తున్నారు, ఆ పద్ధతిలోనే వేయించండి. ఆ ఎనిమిదింటికి నువ్వుల్ని నా సలహాగా కలపండి. మన జాబితాలో నువ్వులు లేవు గానీ, అలర్జీ ఉన్నవాళ్ళు ఉన్నారు, మన గుత్తివంకాయలో దండిగా పడతాయి. స్క్విడ్ వండుతుంటే అదీ విడిగా రాయండి. అది రొయ్యల జాతి కాదు, ఆ జాబితాలో లేదు.

మన వంటల్లో బయటికి కనబడకుండా దాగేవి కొన్ని ఉన్నాయి, వాటిని ఒక్కొక్కటే చూసుకోవాలి. సాంబారులో, రసంలో వేసే ఇంగువ డబ్బా తిప్పి దినుసులు చదవండి. బజారులో దొరికే ఇంగువ పొడి చాలావాటిలో మైదానో గోధుమపిండో కలిపి ఉంటుంది. అంటే గోధుమ పడనివాళ్ళకి మీ సాంబారు కూడా లెక్కలోకి వస్తుంది. వెజ్ మంచూరియాలో మైదా ఎలాగూ ఉంటుంది, దాని పైన సోయా సాస్ పడుతుంది, ఆ సాస్‌లో సోయాతోపాటు చాలా బ్రాండ్లలో గోధుమ కూడా ఉంటుంది. పెసరట్టు ఒక్కటే అయితే పెసలు, బియ్యం. ఉప్మా పెసరట్టు అనగానే అందులోకి గోధుమ రవ్వ వచ్చేసింది. స్వీట్లలో మాడుగుల హల్వా పెట్టారనుకోండి, అది గోధుమ పాలతో చేసేది. నెయ్యి, జీడిపప్పు, బాదం కూడా ఉంటాయి. బయటినుంచి తెప్పించే వాటికి మాస్టర్‌ని అడిగి లాభం లేదు, ప్యాకెట్టు మీద ఉన్నది చూసి రాసుకోవాలి. ఫ్రోజెన్ రొయ్యలు, కిస్‌మిస్ వాడుతుంటే సల్ఫైట్ సంగతి కూడా ఆ ప్యాకెట్టు మీదే తెలుస్తుంది.

ఇక మాటలు ఎలా పెట్టాలి? మీ ప్రూఫ్ చివర్న బహుశా ఇలాంటి లైను ఉండి ఉంటుంది: 'అలర్జీ ఉన్నవారు ముందుగా తెలియజేయగలరు. యాజమాన్యం బాధ్యత వహించదు.' చాలా కార్డుల మీద ఇదే ఉంటుంది. దీన్ని తీసేయండి. తినేవాడికి ఇందులో తెలిసింది ఒక్కటీ లేదు. ఉన్నదాన్ని మూడు రకాలుగా చెప్పాలి, ఆ మూడూ కలిసిపోకూడదు.

మొదటిది, మనం కావాలని వేసేది. దానికి ప్రతి వంట కింద 'ఉన్నవి:' అని మొదలుపెట్టి పేర్లు రాయండి. 'ఉండవచ్చు' అని ఇక్కడ రాయకూడదు. గుత్తివంకాయలో వేరుశెనగ ఉండవచ్చు కాదు, ఉంది. రెండోది, వేయకపోయినా తగిలేది. రొయ్యలు వేగిన నూనెలోనే గోబీ 65 వేగుతుంటే గోబీకి రొయ్య తగిలినట్టే. దానికి 'రొయ్యలు, చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తాం' అని ఆ వంట కిందే స్పష్టంగా రాయండి. శాకాహారులకి కూడా ఇది తెలియాల్సిన విషయం. ఇలా రాయడానికి ఇబ్బందిగా ఉంటే వెజ్‌కి విడిగా మూకుడు పెట్టించండి, అంతేగానీ లైను తీసేయకండి. మూడోది, మొత్తం వంటింటి గురించి కార్డు చివర్న ఒక్కసారి చెప్పేది. అది ఇలా ఉంటే చాలు: 'మా వంటింట్లో గోధుమ, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు, పీతలు, వేరుశెనగ, జీడిపప్పు, సోయా, నువ్వులు వాడతాం. ఒక వంటలోది ఇంకో వంటకి తగలదని చెప్పలేం. అలర్జీ ఉంటే ఆర్డర్ ఇచ్చే ముందే చెప్పండి, మాస్టర్‌ని అడిగి చెబుతాం.'

'గ్లూటెన్ ఫ్రీ', 'నట్ ఫ్రీ' లాంటివి ఎక్కడున్నా కొట్టేయండి. గ్లూటెన్ ఫ్రీ అనాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నిబంధన. పక్క పొయ్యి మీద రుమాలీ రోటీకి మైదా చల్లే వంటింట్లో అది ఎవరూ హామీ ఇవ్వలేరు. బియ్యంతో చేసిందని చెప్పాలంటే 'బియ్యప్పిండితో' అని రాయండి, అది నిజం, అక్కడితో సరి.

పేర్లు పెట్టడంలో గుంపుగా చెప్పే మాటలు వద్దు. 'సీఫుడ్' అంటే చేపలు పడనివాడికి, రొయ్యలు పడనివాడికి ఒకటే సమాధానం ఇచ్చినట్టు అవుతుంది; చేపలు హాయిగా తినేసి రొయ్య ఒక్కటి తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు లేచేవాళ్ళు ఉన్నారు. ఇంగ్లీషు కార్డులో 'నట్స్' అని ఉన్నదాన్ని డీటీపీ కుర్రాడు తెలుగు వైపు 'పప్పులు' అని కొట్టేస్తాడు. కందిపప్పూ పప్పే, జీడిపప్పూ పప్పే, చదివేవాడికి ఏం అర్థం కావాలి? జీడిపప్పు, బాదం అని విడివిడిగా రాయించండి. ఇంకోటి, మన వైపు శెనగ నూనె అంటే చాలామందికి వేరుశెనగ నూనే. కానీ శెనగపిండి వేరు సరుకు. అలర్జీ లైనులో ఎక్కడా 'వేరు' అన్న ముక్క పోకుండా ప్రతిచోటా 'వేరుశెనగ' అని పూర్తిగా ఉండాలి. ఈ ఒక్క మాట కోసమే కార్డు మొత్తం ఒకసారి విడిగా వెతకండి.

వెజ్, నాన్‌వెజ్ గుర్తులు కూడా ఇదే విడతలో చూసేయండి. ఆకుపచ్చ గడిలో ఆకుపచ్చ చుక్క వెజ్. నాన్‌వెజ్‌కి ఇప్పుడు గోధుమరంగు గడిలో త్రికోణం. డీటీపీ వాళ్ళ దగ్గరుండే పాత బొమ్మల్లో ఇంకా చుక్కే ఉంటుంది. కార్డు ఒకే రంగులో జిరాక్స్ తీసినప్పుడు రెండు చుక్కలూ ఒకేలా ఉంటాయి, త్రికోణం ఉంటేనే తేడా తెలుస్తుంది. గుడ్డు వేసినది ఏదైనా నాన్‌వెజ్ గుర్తు కిందికే వస్తుంది. బటర్ నాన్ పిండిలో గుడ్డు కొడతారా అని అడగడం మర్చిపోకండి.

ఇప్పుడు వర్ణనలు. ఒక వంటని పట్టుకుని మొత్తం చూపిస్తాను. ప్రూఫ్‌లో ఇలా ఉందనుకుందాం: 'గోంగుర రోయ్యలు ఇగురు. మా చెఫ్ స్పెషల్!! నోరూరించే తాజా రొయ్యలు, గోంగూర పులుసులో ఉడికించి. (సీఫుడ్) రూ. 320/-'

ముందు మాస్టర్ పట్టిక తీయండి. రొయ్యలు ముందు మూకుట్లో వేయించి తీస్తారు, గోంగూర పచ్చిమిర్చితో మగ్గబెడతారు, జీడిపప్పు పేస్టుతో దగ్గరకి తెస్తారు అని ఉంది. అంటే జీడిపప్పు కార్డులో లేదు, అది రావాలి. తర్వాత పేరూ వర్ణనా కలుస్తున్నాయా చూడండి. పేరు ఇగురు, వర్ణన పులుసు. మన దగ్గర ఇవి రెండూ వేరు వంటలు. ఇగురు అంటే ముక్కకి పట్టి దగ్గరగా ఉండాలి, పులుసు అంటే అన్నంలో కలుపుకునేంత జారుగా ఉండాలి. పులుసు అనుకుని ఆర్డర్ ఇచ్చినవాడు గిన్నెలో దగ్గరపడ్డ గ్రేవీ చూసి వెయిటర్‌ని పిలుస్తాడు. మాస్టర్ చేసేది ఇగురే కాబట్టి వర్ణన మారాలి. 'చెఫ్ స్పెషల్', 'నోరూరించే' అన్నవి తొంభై వంటలకీ పెట్టొచ్చు, కాబట్టి ఏ వంట గురించీ ఏమీ చెప్పడం లేదు. ఇవన్నీ సరిచేశాక ఇలా వస్తుంది: 'గోంగూర రొయ్యల ఇగురు. పుల్ల గోంగూర, పచ్చిమిర్చితో దగ్గరగా ఇగిర్చిన రొయ్యలు. కారం ఎక్కువ. ఉన్నవి: రొయ్యలు, జీడిపప్పు. ₹320'

ఈ ఒక్కటి నచ్చేలా కుదిరాక మిగతావన్నీ దీని అచ్చులోనే పోయండి. ముందు దేనితో, తర్వాత ఎలా వండింది, ఆపైన కారం, చివర్న ఉన్నవి. వాక్యం అన్నిటికీ ఒకే రకంగా ముగియాలి. ఒకచోట 'ఇగిర్చిన రొయ్యలు', ఇంకోచోట 'చికెన్ వేయించబడును', మరోచోట 'తిని చూడండి' అని ఉండకూడదు. పది పన్నెండు మాటలు దాటనివ్వకండి, ఇంగ్లీషు వైపు కూడా అదే కొలత. రెండు వైపుల్లో ఒకే దినుసులు ఉన్నాయా అన్నది పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంగ్లీషులో కాజూ ఉండి తెలుగులో జీడిపప్పు లేకపోతే తెలుగు చదివేవాడికి అది లేనట్టే.

'తాజా' అన్న మాట గురించి మన ఊరికి సంబంధించిన ఒక సంగతి ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మెకనైజ్డ్, మోటారు బోట్ల వేట ఆపేస్తారు. ఆ రెండు నెలలూ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు కట్టేసి ఉంటాయి. 'రోజూ హార్బర్ నుంచి వచ్చే సముద్రపు చేప' అని లామినేషన్ కార్డు మీద వేస్తే ఏడాదిలో ఆరో వంతు కాలం అది అబద్ధంగా ఉంటుంది. సముద్రపు చేపలకి 'దొరికిన రోజు మాత్రమే' అని రాయండి. అలాగే 'బొంగు చికెన్' పేరు పెట్టి కుండలో చేస్తుంటే, 'నాటుకోడి' అని ఫారం కోడి వండుతుంటే, అది స్పెల్లింగు తప్పుకన్నా పెద్ద తప్పు, దాన్నీ ఈ విడతలోనే పట్టుకోవాలి.

పేర్ల స్పెల్లింగు విషయంలో చాలామంది ఏది ఒప్పు అని వాదించుకుంటూ కూర్చుంటారు. బిర్యానీ, బిర్యాని, బిరియానీ మూడూ జనం రాస్తూనే ఉన్నారు, పులావు, పలావు రెండూ ఉన్నాయి. మీకు నచ్చింది ఒకటి తీసుకుని కాగితం మీద రాసి ఇక దాన్ని మార్చకండి. ఆ కాగితంలో వంటల పేర్లు కాదు, ముక్కలు రాసుకోవాలి: బిర్యానీ, వేపుడు, ఇగురు, రొయ్యల, మష్రూమ్, పనీర్, మంచూరియా, టిక్కా. తొంభై వంటల పేర్లు ఓ ముప్ఫై నలభై ముక్కల నుంచే వస్తాయి. పనీర్ ఒక్కటి మాత్రం రెండు న-లతో రాయకండి, పన్నీరు అంటే పెళ్ళిలో చల్లేది. ఇంగ్లీషు వైపు కూడా ఇలాగే ఒక్కో మాటకి ఒకే స్పెల్లింగు రాసుకోండి.

చేపల పేర్లకి మాత్రం స్పెల్లింగు ఒకటే సరిపోదు. వంజరాన్ని ఇక్కడ కోనెం అనేవాళ్ళు ఉన్నారు. బీచ్ చూడటానికి ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చేవాళ్ళకి రెండూ తెలియవు. తెలుగు వైపు మీ కస్టమర్లు అనే పేరు పెట్టి, ఇంగ్లీషు వైపు వంజరానికి సీర్ ఫిష్, చందువకి పాంఫ్రెట్, పండుగప్పకి సీ బాస్, కొరమీనుకి మరెల్ అని కార్డంతా ఒకే తీరుగా ఉంచండి. ఒక పేజీలో పండుగప్ప, ఇంకో పేజీలో సీ బాస్ అని ఉంటే రెండు చేపలు అనుకుంటారు.

ఫైలు యూనికోడ్‌లో, అంటే ఫోన్లో టైపు చేసే మామూలు తెలుగులో ఉండగానే ఈ ముక్కల్ని ఒక్కొక్కటే వెతికి సరిచేయండి. 'బిర' అని కొట్టి వెతికితే అన్ని రకాల బిర్యానీలూ దొరుకుతాయి, తేడాగా ఉన్నవి కళ్ళకి కడతాయి. డీటీపీకి ఇచ్చాక వాళ్ళు 'అను' అనే పాత రకం ఫాంట్లలోకి మారుస్తారనుకోండి, అప్పుడిక వెతకడం కుదరదు. ఆ ఫైల్లో తెలుగు అక్షరాలు నిజంగా తెలుగు అక్షరాలుగా ఉండవు. పైగా మార్పిడిలో కొత్త తప్పులు పుడతాయి. ఒత్తు జారిపోయి 'పెసరట్టు' కాస్తా 'పెసరటు', 'ఫ్రై' కాస్తా 'ఫై' అవుతుంది. యూనికోడ్‌లోనే ఉంచి ఇన్‌డిజైన్‌లో చేసేవాళ్ళయితే వరల్డ్-రెడీ కంపోజర్ పెట్టారా అని అడగండి, లేకపోతే ఒత్తులు అక్షరం కింద కాకుండా పక్కన వచ్చి పడతాయి. ఇంకో తప్పు అచ్చులో చూస్తేగానీ తెలియదు. 'చికెన్‌తో' అన్నప్పుడు పొల్లుకీ 'తో'కీ మధ్య కంటికి కనబడని విడదీసే అక్షరం ఒకటి ఉంటుంది, కాపీ పేస్టులో అది పోతే 'చికెన్తో' అయిపోతుంది. 'బటర్‌నాన్' ఇలాగే 'బటర్నాన్' అవుతుంది. అలాంటి చోట ఖాళీ ఇచ్చి 'బటర్ నాన్' అని రెండు మాటలుగా రాసేస్తే ఆ బెడదే ఉండదు. కాబట్టి పేర్లు రెండుసార్లు చూడాలి, మార్చక ముందు ఒకసారి తెర మీద, మార్చాక ఒకసారి కాగితం మీద.

ధరల రూపం గురించి ఎక్కువ ఆలోచించకండి. ₹240, అంతే. చుక్క, చివర గీత, పైసల సున్నాలు ఏవీ వద్దు. అంకెలు కుడివైపుకి సమంగా ఉండాలి. రూపాయి గుర్తు మాత్రం ప్రతి పేజీలో చూడండి. కొన్ని పాత ఫాంట్లలో కీబోర్డు మీదుండే ` గుర్తునే రూపాయి బొమ్మగా పెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే ధరలన్నీ `240 అని పడతాయి, లేదా ఖాళీ గడి వస్తుంది. రూపాయి గుర్తు ఉన్న ఫాంటునే అంకెలకి వాడమనండి.

అసలు ప్రమాదం ధర తప్పు కొట్టడంలో కాదు, జరగడంలో ఉంది. చాలామంది వంటల పేర్లు ఒక పెట్టెలో, ధరలు పక్కన ఇంకో పెట్టెలో పెడతారు. మధ్యలో ఒక పేరు పొడుగై రెండు లైన్లకి మళ్ళితే దాని కిందున్న ధరలన్నీ ఒక మెట్టు తప్పుతాయి. ఏ ధరకి ఆ ధర చూస్తే అన్నీ సబబుగానే కనిపిస్తాయి, ఎందుకంటే అవన్నీ మీ ధరలే. గోబీ 65కి రొయ్యల రేటు ఉందని బిల్లు దగ్గరే బయటపడుతుంది. దీన్ని పట్టడానికి ప్రతి విభాగాన్నీ కింది నుంచి పైకి చూడండి. జరిగిన ధరలు విభాగం చివర్లో బయటపడతాయి, ఆఖరి వంటకి ధర లేకపోవడమో, ఒక ధర ఎక్కువ మిగలడమో కనిపిస్తుంది. ఆ తర్వాత మీరు బిల్లింగ్ లిస్టు గట్టిగా చదవండి, మీ తమ్ముడు కార్డు మీద టిక్ పెట్టాలి. కార్డు చదివి లిస్టులో వెతక్కూడదు, అలా చేస్తే కార్డులో అసలు లేకుండా పోయిన వంట ఎప్పటికీ దొరకదు.

తూకానికి అమ్మే చేపలూ పీతలూ ఉంటే 'మార్కెట్ ధర' అని మాత్రమే రాసి వదలకండి. '100 గ్రాములకి, వండక ముందు తూకం, ఈరోజు ధర బోర్డు మీద' అని రాస్తే పేచీ ఉండదు. పన్ను లైను పక్క హోటల్ కార్డు నుంచి ఎత్తకండి. మామూలు రిజిస్ట్రేషన్ అయితే 'జీఎస్టీ 5 శాతం అదనం' సరిపోతుంది. మీరు కాంపోజిషన్ పథకంలో ఉంటే కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు, ఆ లైనే ఉండకూడదు. మీ ఆడిటర్‌ని ఒక్క మాట అడిగి రాయించండి. 'సర్వీస్ ఛార్జి వర్తిస్తుంది' అని ఉంటే తీసేయండి; బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది.

దిద్దిన ప్రూఫ్ తిరిగొచ్చాక మీరు గీసిన గీతలు సరి అయ్యాయో లేదో చూసి ఊరుకోకండి. గీత గీసిన లైనుకి పైన రెండు, కింద రెండు లైన్లు కూడా చూడండి. దిద్దేటప్పుడు పక్కవి కదులుతాయి. ప్రూఫ్ ఫోటోగా వద్దు, పీడీఎఫ్ తెప్పించుకోండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫోటోగా పంపితే నలిగిపోయి ఒత్తులు ఆనవు. ప్రింట్‌కి వెళ్ళే ఆఖరి ఫైలు, అంటే ఫాంట్లని కర్వులనే బొమ్మ గీతలుగా మార్చేసింది, అదే మీరు చూడాలి. దానికి ముందుది చూసి ఓకే అంటే ఆ మార్పిడిలో ఏం పోయిందో మీకు తెలియదు.

చివరగా ఆ ఫైలు నుంచి ఒక్క కార్డు అసలు సైజులో తీయించి, రాత్రి మీ హోటల్లోనే లైట్లు ఎప్పటిలా పెట్టి, టేబుల్ దగ్గర కూర్చుని అలర్జీ లైను చదవండి. డీటీపీ వాళ్ళు స్థలం కోసం మొదట చిన్నది చేసేది ఆ లైనునే. ఇంగ్లీషుకి సరిపోయే అక్షరం సైజు తెలుగుకి చాలదు, ఒత్తులూ గుడులూ కలిసిపోయి నల్లటి మచ్చలా పడతాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ చేత చదివించండి. వాళ్ళు కార్డుని లైటు దగ్గరకి ఎత్తాల్సి వస్తే అక్షరం రెండు పాయింట్లు పెంచి, వర్ణనలో నాలుగు మాటలు తగ్గించి మళ్ళీ ఒకటి తీయించండి. లామినేషన్‌కి అప్పుడు ఇవ్వండి.